డిపార్టెడ్ ముందా, ఇన్ఫర్నల్ అఫైర్స్ ముందా?

ప్రశ్న: "ది డిపార్టెడ్, దాని ఒరిజినల్ హాంకాంగ్ సినిమా ఇన్ఫర్నల్ అఫైర్స్ రెండూ దొరికాయి. రెండూ చూడలేదు, కథ కూడా తెలియదు. సబ్‌టైటిల్స్ చదువుతూ చూడటం నాకు కాస్త కష్టం. ఏది ముందు చూస్తే బాగుంటుంది? ఇలాంటి విదేశీ సినిమా, రీమేక్ జంటలన్నిటికీ పనికొచ్చే పద్ధతి ఏదైనా ఉందా?"

ముందు ఇన్ఫర్నల్ అఫైర్స్ చూడండి. ఓ వారం పది రోజులు ఆగి ది డిపార్టెడ్ చూడండి. సబ్‌టైటిల్స్ ఇబ్బంది అన్నారు కాబట్టి మొదటి పది నిమిషాలకు పనికొచ్చే చిన్న సాయం కింద రాశాను. ఎవరు బతుకుతారు, ఎవరు పోతారు, చివర ఏమవుతుంది అన్నవి ఎక్కడా చెప్పను, ధైర్యంగా చదవండి.

నేను సబ్‌టైటిల్స్ రాసే పనిలో ఉన్నాను. దానితో పాటు మా ఊరి ఫిల్మ్ సొసైటీలో చాలా ఏళ్లుగా ఒరిజినల్, రీమేక్ జంటలు వేసి చర్చలు పెడుతున్నాం. ఒకే జంటను ఒక్కో బృందానికి ఒక్కో వరుసలో చూపించాం. ఏ వరుసలో చూసినవాళ్లు బయటికొచ్చాక ఏం మాట్లాడుకుంటారో గమనిస్తూ వచ్చాను. ఇక్కడ రాసేదంతా అలా తెలిసినదే.

"ఒరిజినల్ అంటే ఒరిజినలే, ఎప్పుడైనా అదే ముందు" అనే మాట మీకు చాలాచోట్ల కనిపిస్తుంది. నేను దాన్ని ఒప్పుకోను. సబ్‌టైటిల్స్ చదవలేని మీ అమ్మగారితో కూర్చుని చూడాలనుకుంటే ఆ సలహా ఎందుకూ కొరగాదు. నేను చూసేది వేరే విషయం.

ఆ కథలో రహస్యం ఎవరికి తెలియదు? సినిమాలోని పాత్రలకా, చూస్తున్న మనకా?

రహస్యాన్ని మన దగ్గర కూడా దాచి, చివరి పది నిమిషాల్లో విప్పే సినిమాలు కొన్ని. అలాంటి కథను జీవితంలో ఒక్కసారే కొత్తగా చూడగలం. రెండోది ఏ భాషలో ఉన్నా, ఎంత బాగా తీసినా, మనం చూసేది తెలిసిన జవాబే. కాబట్టి ఆ ఒక్క అవకాశాన్ని దేనికి ఖర్చు పెట్టాలో ముందే ఆలోచించుకోవాలి. మనకు మొదటి నుంచీ అన్నీ చెప్పేసి, పాత్రలకు మాత్రం తెలియనివ్వకుండా నడిపే సినిమాలు ఇంకొన్ని. వీటిలో టెన్షన్ "ఎవరు?" అన్న ప్రశ్న నుంచి రాదు, "ఎప్పుడు దొరికిపోతాడు?" అన్న ప్రశ్న నుంచి వస్తుంది. ఇలాంటివి రెండోసారి కూడా పట్టి కూర్చోబెడతాయి. వరుస తప్పినా నష్టం కొంతే. మూడో రకంలో అసలు రహస్యమే ఉండదు. ఇద్దరు మనుషుల మధ్య స్నేహమో, ఇంట్లో ఒక పెద్దావిడ పడే బాధో ఉంటుంది. అక్కడ వరుస గురించి అంతగా ఆలోచించనక్కర్లేదు, మీకు ఏ భాష హాయిగా ఉంటే దానితో మొదలుపెట్టొచ్చు.

మీ జంట రెండో రకం. అయినా ఒరిజినల్ ముందు చూడమంటున్నాను, ఎందుకో చెబుతాను.

ఇన్ఫర్నల్ అఫైర్స్ 2002లో వచ్చింది. దర్శకులు ఆండ్రూ లావ్, అలన్ మాక్. నిడివి 101 నిమిషాలు. పోలీసు శాఖ మాఫియాలోకి ఒక మనిషిని పంపింది, మాఫియా పోలీసు శాఖలోకి ఒక మనిషిని పంపింది. ఇద్దరికీ ఏళ్లు గడిచిపోయాయి. లోపల ఒకడున్నాడని రెండు పక్షాలకీ ఒకే రాత్రి తెలుస్తుంది. ఆ దొంగను పట్టుకునే పని ఆ దొంగకే అప్పగిస్తారు. కథ ఇంతే. ఇది మొదటి భాగంలోనే మనకు తెలిసిపోతుంది కాబట్టి నేను చెప్పడం వల్ల మీకు పోయేదేం లేదు.

ది డిపార్టెడ్ 2006లో మార్టిన్ స్కోర్సెసీ తీసింది. నిడివి 151 నిమిషాలు. అదే ఎముకల గూడు మీద ఇంకో 50 నిమిషాల కండ పట్టించారు. ఆ 50 నిమిషాలు ఎటు వెళ్లాయో చూస్తే ఏది ముందు చూడాలో దానంతట అదే తేలుతుంది. బోస్టన్‌లోని ఐరిష్ కుటుంబాల నేపథ్యం, డికాప్రియో పాత్ర ఏ ఇంటి నుంచి వచ్చాడు, పోలీసు ఉద్యోగానికి ఎందుకొచ్చాడు, జాక్ నికల్సన్ చేసిన మాఫియా నాయకుడి విశ్వరూపం, మార్క్ వాల్‌బర్గ్ చేసిన నోటి దురుసు పోలీసు అధికారి. అన్నీ వివరంగా ఉంటాయి. ఎవడు ఎందుకు ఏం చేస్తున్నాడో మాటల్లో వినిపిస్తుంది.

ఇంత వివరంగా చెప్పిన సినిమా ముందు చూసి తర్వాత హాంకాంగ్ సినిమాకు వెళ్తే ఏమవుతుందంటే, అది పలచగా కనిపిస్తుంది. "ఇతని ఇల్లు చూపించలేదేంటి? ఈ విషయం ఒక్క ముక్కలో తేల్చేశారేంటి?" అనిపిస్తుంది. మా దగ్గర డిపార్టెడ్ ముందు చూసిన బృందంలో ఎక్కువ మంది రెండో సినిమా గురించి చెప్పింది "బాగుంది గానీ హడావుడిగా అయిపోయింది" అనే. ఒరిజినల్ ముందు చూసినవాళ్ల నోట ఆ మాట దాదాపు రాలేదు. ఆ సినిమా వేగమే దాని బలమని వాళ్లకు అర్థమైంది. తర్వాత డిపార్టెడ్ చూసినప్పుడు అదనంగా వచ్చినవన్నీ వాళ్లకు లాభంగానే కనిపించాయి. క్లుప్తంగా ఉన్నదాని నుంచి విస్తారంగా ఉన్నదానికి వెళ్లడం తేలిక. తిరగేసి వెళ్లడం కష్టం. ఇది ఈ జంటకే కాదు, నిడివిలో ఇంత తేడా ఉన్న చాలా జంటలకు వర్తిస్తుంది.

ఒక సన్నివేశం దగ్గరికి తీసుకెళ్తాను. హాంకాంగ్ సినిమాలో మాదకద్రవ్యాల బేరం జరుగుతున్న రాత్రి, టోనీ లియాంగ్ ముఠా నాయకుడి గదిలోనే ఉంటాడు. ఒక చేతికి కట్టు ఉంటుంది. అతను వేలితో మోర్స్ సంకేతాలు కొడుతుంటాడు. పోలీసు కంట్రోల్ రూమ్‌లో అతని పై అధికారి ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆ టకటకలు వింటూ, ఏం జరుగుతోందో తెలుసుకుంటుంటాడు. అదే కంట్రోల్ రూమ్‌లో, అదే అధికారికి నాలుగడుగుల దూరంలో ఆండీ లావ్ కూర్చుని ఉంటాడు. అతను మాఫియా మనిషి. పోలీసుల ఎత్తులు అటు చేరవేస్తుంటాడు. మాటలు చాలా తక్కువ. వేలు, కళ్లు, ఇయర్‌ఫోన్, అంతే. ఆ నిమిషాల్లో సబ్‌టైటిల్ చదవాల్సింది కూడా పెద్దగా ఉండదు, గమనించండి. మీకు సబ్‌టైటిల్స్ కష్టమన్నారు కదా, ఈ సినిమాలో గొప్ప ఘట్టాలన్నీ ఇలా మాటలు తక్కువున్నచోటే ఉన్నాయి.

డిపార్టెడ్‌లో ఇదే ఘట్టం ఉంది. అక్కడ అమ్ముడుపోయేవి మైక్రోప్రాసెసర్లు, సంకేతాలు పోయి సెల్‌ఫోన్ మెసేజ్‌లు వచ్చాయి. అక్కడ పోలీసుల్లో ఉన్న మాఫియా మనిషి మాట్ డేమన్, ఫోన్‌ను జేబులోనే ఉంచి, చూడకుండా టైపు చేస్తాడు. చుట్టూ పోలీసు అధికారులు అరుచుకుంటుంటారు, తిట్టుకుంటుంటారు, కెమెరాలు పనిచేయక గొడవ పడుతుంటారు. ఇదీ పట్టుగానే ఉంటుంది, దాని గోలలో దానికో అందం ఉంది. కానీ ఇది ముందు చూసినవాళ్లకు ఆ నిశ్శబ్దపు వేలు చప్పుడు మొదటిసారి విన్నప్పటి గుబులు రాదు, బేరం ఎటు తిరుగుతుందో ముందే తెలుసు కాబట్టి.

ఇంకోటి, సినిమా మొదట్లోనే వచ్చే స్టీరియో షాపు సన్నివేశం. ఒకరెవరో ఒకరికి తెలియని ఆ ఇద్దరూ ఒక దుకాణంలో కలుస్తారు. ఒకడు కొనడానికి వచ్చాడు, ఇంకొకడు ఆ పూట షాపు చూసుకుంటున్నాడు. సౌండ్ ఎలా ఉందో పరీక్షించడానికి ఒక పాత పాట పెడతారు. పక్కపక్కనే కూర్చుని, ఏమీ మాట్లాడుకోకుండా వింటారు. కథ ప్రకారం చూస్తే అక్కడ ఏమీ జరగలేదు. కానీ సినిమా ముందుకెళ్లేకొద్దీ ఆ కాసేపటి విలువ పెరుగుతూ పోతుంది. డిపార్టెడ్‌లో ఈ సన్నివేశం లేదు. ఆ ఇద్దరినీ ముడిపెట్టే పని అక్కడ ఒక డాక్టరమ్మకు అప్పగించారు. ఒరిజినల్‌లో ఇద్దరికీ వేర్వేరుగా ఉన్న ఆడవాళ్లను కలిపి వేరా ఫార్మిగా చేసిన ఒక్క పాత్రగా మార్చారు. రీమేక్ ముందు చూస్తే, షాపులో కూర్చున్న ఇద్దరినీ "ఓహో, వీళ్లిద్దరేనా" అన్న దృష్టితో చూస్తారు. ఏమీ తెలియకుండా చూస్తే ఇద్దరు మామూలు మనుషులు పాట వింటున్నట్టు చూస్తారు. ఆ సన్నివేశానికి కావాల్సింది ఆ రెండో చూపే.

రెండు సినిమాల ముగింపులూ ఒకటి కావు. ఇంతకంటే చెప్పను. ఒరిజినల్ మొదలయ్యేదే బౌద్ధ సూత్రాల్లోని అంతులేని నరకం గురించిన మాటతో. మన పురాణాల్లోనూ అవీచి ఉంది కాబట్టి మనకు ఆ ఊహ కొత్తేం కాదు. చివరి షాట్ వరకు ఆ మొదటి మాటే సినిమాను నడిపిస్తుంది. డిపార్టెడ్ మొదలయ్యేది నికల్సన్ గొంతుతో, తన చుట్టూ ఉన్న లోకమే తనలా తయారవ్వాలి అనే ఒక మనిషి అహంకారంతో. మొదటి రెండు నిమిషాలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే కథ రెండు వేర్వేరు ధర్మాల్లోకి వెళ్లిందని తెలుస్తుంది. ముగింపులు వేరవడానికి కారణం అక్కడే ఉంది. ఒరిజినల్ ముందు చూస్తే, "చివర ఏమవుతుందో నాకు తెలుసు" అనుకుంటూ డిపార్టెడ్ చివరి అరగంటలోకి వెళ్తారు. అది మిమ్మల్ని మళ్లీ తికమక పెడుతుంది. అందుకే రెండోది కూడా కొత్త సినిమాలా పనిచేస్తుంది.

ఇక మీ సబ్‌టైటిల్స్ సంగతి. ఇన్ఫర్నల్ అఫైర్స్ చూసేవాళ్లు తడబడేది ఒకే ఒక చోట, మొదటి పది నిమిషాల్లో. ఇద్దరు హీరోల కుర్రతనాన్ని వేరే నటులు చేశారు, షాన్ యూ, ఎడిసన్ చెన్. ఒక గుడిలో బుద్ధుడి ముందు నిలబడి ముఠా నాయకుడు కుర్రాళ్లతో మాట్లాడటం, పోలీసు అకాడమీ, ఒక కుర్రాడిని అకాడమీ నుంచి పంపించేయడం, ఇవన్నీ గబగబా అయిపోయి, తర్వాత పెద్ద నటులు వచ్చేస్తారు. పేర్లు మనకు అలవాటు లేనివి. పైగా సబ్‌టైటిల్స్ చదువుతుంటే ముఖాలు గుర్తుపెట్టుకునే టైం దొరకదు. ఇంతవరకు గుర్తుంచుకుంటే చాలు: అకాడమీ నుంచి బయటికి పంపినట్టు నాటకం ఆడి మాఫియాలోకి వెళ్లినవాడు పెద్దయ్యాక టోనీ లియాంగ్. మాఫియా నుంచి వచ్చి అకాడమీలో మిగిలిపోయినవాడు పెద్దయ్యాక ఆండీ లావ్. ఇది తెలిస్తే మిగతా 90 నిమిషాలు మీకు ఏ ఇబ్బందీ ఉండదు. ఇది స్పాయిలర్ కాదు, దర్శకులు మనకు ముందే తెలియాలనుకున్న విషయమే.

ప్లే చేసే ముందు ఆడియో భాష చూసుకోండి. ఈ సినిమా కాంటనీస్‌లో తీసింది. కొన్ని కాపీల్లో మాండరిన్ డబ్బింగ్ మొదట పెట్టి ఉంటుంది, ఇంగ్లీషు డబ్బింగ్ కూడా ఉంటుంది. సెట్టింగ్స్‌లో `Cantonese` అని ఉన్నది ఎంచుకోండి. టోనీ లియాంగ్ గొంతు తగ్గించి మాట్లాడే తీరు ఆ పాత్రలో సగం. వేరే గొంతు తగిలిస్తే ఆ సగం పోతుంది.

సబ్‌టైటిల్స్‌లో కూడా ఒక మోసం ఉంటుంది, మా పనిలో రోజూ చూసేదే. అసలు సంభాషణ నుంచి చేసిన సబ్‌టైటిల్స్ వేరు, ఇంగ్లీషు డబ్బింగ్ కోసం రాసిన డైలాగుల్నే సబ్‌టైటిల్స్‌గా పెట్టేయడం వేరు. డబ్బింగ్ డైలాగులు పెదాల కదలికకు సరిపోయేలా రాస్తారు కాబట్టి అర్థం అటూ ఇటూ జరుగుతుంది, లేని మాటలు కూడా వస్తాయి. పట్టుకోవడం తేలికే. పాత్ర నోరు విప్పకుండా ఉన్నప్పుడు కూడా సబ్‌టైటిల్ కనిపిస్తే, లేదా తలుపు చప్పుడు, ఫోన్ మోత లాంటివి బ్రాకెట్లలో కనిపిస్తూ డైలాగులు ఇంగ్లీషు డబ్బింగుతో అక్షరం పొల్లుపోకుండా కలిస్తే, అవి ఆ రకం. మెనూలో రెండు ఇంగ్లీషు ట్రాకులు ఉంటే `CC` అని లేనిదాన్ని ముందు ప్రయత్నించండి. రెండు మూడు నిమిషాల్లో తేడా తెలిసిపోతుంది.

చదవడం కష్టమవడానికి చాలాసార్లు కారణం మన వేగం కాదు, స్క్రీన్ పరిమాణం. ఒక్కో సబ్‌టైటిల్ రెండు వరుసలకు మించకుండా, వరుసకు సుమారు 40 అక్షరాల లోపు ఉండేలా మేం రాస్తాం. ఒక్క చూపులో చదివి మళ్లీ ముఖం వైపు వెళ్లగలగాలన్నది ఉద్దేశం. ఫోన్‌లో చూస్తే అక్షరాలు చిన్నవై రెండుసార్లు చదవాల్సి వస్తుంది. అదే టీవీకి మరీ దగ్గరగా కూర్చుంటే కళ్లు కిందికీ పైకీ ఊగుతూ అలిసిపోతాయి. టీవీలో వేసుకుని, మామూలుగా కూర్చునేదానికంటే ఓ రెండడుగులు వెనక్కి జరిగి చూడండి. అక్షరాలూ ముఖమూ ఒకే చూపులో పడతాయి. మా స్క్రీనింగుల్లో "నాకు సబ్‌టైటిల్స్ పడవు" అన్నవాళ్లను వెనక వరుసల్లో కూర్చోబెడితే చాలామందికి సగం ఇబ్బంది తీరింది.

ఇంకో జాగ్రత్త. ఈ సినిమాకు చైనా ప్రధాన భూభాగంలో విడుదల కోసం వేరే ముగింపు తీశారు. డిస్కుల్లో దాన్ని అదనపు భాగంగా పెడతారు. మీకు దొరికిన కాపీలో ఏ ముగింపు ఉందో చూసుకోండి, హాంకాంగ్ థియేటర్ వెర్షన్ కావాలి. ఆ రెండో ముగింపును తర్వాత ఎప్పుడైనా చూడొచ్చు, కానీ దానితో సినిమా ముగిస్తే మొదట్లో చెప్పిన నరకం మాటకు అర్థం లేకుండా పోతుంది.

రెండు సినిమాల మధ్య వారం పది రోజులు ఆగమన్నాను కదా. ఒకే రోజు రెండూ వేసినప్పుడు మా దగ్గర చర్చ అంతా "ఇక్కడ ఇది మార్చారు, అక్కడ అది తీసేశారు" అని లెక్కలేసుకోవడంతో సరిపోయింది. వారం గడిస్తే చిన్న చిన్న వివరాలు మసకబారి మనుషులు మాత్రం గుర్తుంటారు. అప్పుడు రీమేక్‌ను సినిమాగా చూస్తాం, జవాబు పత్రం దిద్దినట్టు చూడం.

మీరు అడిగిన పద్ధతి మిగతా జంటలకు ఎలా పనిచేస్తుందో చూద్దాం.

రహస్యం మన దగ్గరే దాచే రకానికి ఉదాహరణగా 2016లో ఓరియల్ పావులో తీసిన స్పానిష్ సినిమా కాంట్రాతియెంపో తీసుకోండి. ఇంగ్లీషులో ది ఇన్‌విజిబుల్ గెస్ట్ పేరుతో కనిపిస్తుంది. లోపల గడియ వేసి ఉన్న హోటల్ గది, ఒక హత్య, నిందితుడి దగ్గరికి వచ్చిన న్యాయ నిపుణురాలు, చేతిలో మూడు గంటల టైం. ఇది 2019లో హిందీలో బద్లాగా వచ్చింది. అదే ఏడాది అడివి శేష్, రెజీనా చేసిన మన తెలుగు సినిమా ఎవరు కూడా ఆ కథ ఆధారంగానే వచ్చింది, చాలా మార్పులతో. ఇక్కడ మాత్రం నేను మొహమాటం లేకుండా చెబుతాను, ఒరిజినల్ తప్ప ఇంకేదీ ముందు చూడొద్దు. ఆ సినిమాలో ప్రతి మాటా చివరి విడుపు కోసం పేర్చిందే. ఎవరు ఎప్పుడు కళ్లు దించారు, ఏ ప్రశ్న ఎందుకు రెండుసార్లు అడిగారు, అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి. బద్లాలో నిందితుడి స్థానంలో ఆడమనిషి, న్యాయవాది స్థానంలో మగవాడు వచ్చారు. తాప్సీ, అమితాబ్ ఇద్దరూ బాగా చేశారు. కానీ దాచిన ముక్క అదే. ఒకటి చూశాక రెండోది ఎంత మార్చినా మీరు ఆ ముక్క కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఎవరు సినిమా పరిస్థితి కొంచెం మెరుగు. నేరం, మనుషులు, వాళ్ల మధ్య సంబంధాలు చాలావరకు మార్చారు కాబట్టి స్పానిష్ సినిమా చూసినవాళ్లకు కూడా మొదటి గంట కొత్తగానే ఉంటుంది. అందుకే ఈ మూడింటిలో నేను చెప్పే వరుస స్పానిష్ ముందు, తర్వాత ఎవరు సినిమా. బద్లా ఆ ఇద్దరి నటన కోసం, ట్విస్ట్ మీద ఆశ పెట్టుకోకుండా ఎప్పుడైనా చూడొచ్చు.

ఈ రకంలో రీమేక్ ముందు చూడటం ఎంత నష్టమో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది డచ్ దర్శకుడు జార్జ్ స్లూయ్‌జర్. 1988లో స్పూర్లూస్ అనే సినిమా తీశాడు. పెట్రోల్ బంకు దగ్గర మాయమైన అమ్మాయి కోసం ఏళ్ల తరబడి వెతికే ప్రియుడి కథ. 1993లో ఆయనే హాలీవుడ్‌లో ది వానిషింగ్ పేరుతో మళ్లీ తీశాడు, కానీ ముగింపు మారిపోయింది. ఒరిజినల్ శక్తి అంతా ఆ ముగింపులోనే ఉంది. రీమేక్ ముందు చూసినవాళ్లకు కథ దారంతా తెలిసిపోతుంది, గమ్యం మాత్రం తప్పుగా తెలుస్తుంది. దర్శకుడు ఒకడే కదా, ఏదైనా ఒకటే అనుకోకూడదు.

మూడో రకానికి వస్తే నేను పూర్తిగా అటు తిరిగిపోతాను. మన ఊపిరి సినిమానే ఉదాహరణగా తీసుకోండి. 2011లో వచ్చిన ఫ్రెంచ్ సినిమా ది ఇన్‌టచబుల్స్‌కు 2016లో వంశీ పైడిపల్లి చేసిన రీమేక్. మెడ కింద శరీరం చచ్చుబడిన ధనవంతుడు, అతన్ని చూసుకోవడానికి వచ్చిన అల్లరి కుర్రాడు. దాచిన రహస్యం ఏమీ లేదు. చివర వీళ్లు దగ్గరవుతారని పోస్టర్ చూస్తేనే తెలుస్తుంది. మీకు తెలుగు ముందు చూడాలనిపిస్తే నిస్సంకోచంగా చూడండి. ఇంట్లో పెద్దవాళ్లతో అయితే తప్పకుండా అదే ముందు.

అయితే తర్వాత ఫ్రెంచ్ సినిమా చూసేటప్పుడు ఒక విషయం మాత్రం గమనించండి, రీమేక్ చేసేవాళ్ల పనితనం తెలుస్తుంది. ఫ్రాన్సులో ఆ కుర్రాడు ఇంటర్వ్యూకు వచ్చేది ఉద్యోగం కోసం కాదు. నిరుద్యోగ భృతి రావాలంటే ఉద్యోగానికి ప్రయత్నించానని కాగితం మీద సంతకం చూపించాలి, ఆ సంతకం కోసం వస్తాడు. అతని పొగరంతా దానిలోంచే వచ్చింది, ఉద్యోగం అక్కర్లేనివాడు యజమానికి ఎందుకు భయపడాలి? మన దగ్గర అలాంటి భృతి లేదు, ఆ కాగితమూ లేదు. అందుకని కార్తి పాత్రను పెరోల్ మీద బయటికొచ్చిన ఖైదీని చేశారు, మంచి ప్రవర్తన చూపించాల్సిన అవసరం పెట్టారు. ఇంట్లోకి అడుగుపెట్టే కారణం కుదిరింది. కానీ దానితో అతని పొగరుకు ఆధారం కొంచెం మారింది, ఇప్పుడు అతనికి కూడా ఈ పని కావాలి. దాన్ని పూడ్చడానికి తల్లి, చెల్లెలి పెళ్లి లాంటి కుటుంబ కథ చేర్చారు. తెలుగు ప్రేక్షకుడిగా నాకు ఆ చేర్పు నచ్చింది. ఫ్రెంచ్ సినిమాలో ఆ నిర్లక్ష్యపు నవ్వు కూడా అంతే నచ్చింది. ఇలాంటి జంటల్లో రెండూ ఒకదానికొకటి అడ్డం రావు.

కొరియన్ మిస్ గ్రానీ, మన ఓ బేబీ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. సమంత, లక్ష్మి చేసిన మన సినిమా ముందు చూసినా కొరియన్ సినిమాకు వచ్చే నష్టం ఏమీ లేదు.

ఒక జంటలో మాత్రం రెండిటినీ చూడక్కర్లేదంటాను. మైకేల్ హానెకే 1997లో ఆస్ట్రియాలో తీసిన ఫన్నీ గేమ్స్‌ను 2007లో తనే ఇంగ్లీషులో దాదాపు షాటుకు షాటు తిరగతీశాడు. భాష చూసుకుని ఒకటి ఎంచుకోండి, చాలు. చాలా క్రూరమైన సినిమా, మనసు గట్టిగా ఉన్నప్పుడే చూడండి.

ఒక సినిమా ఏ రకమో చూడకుండానే ఎలా తెలుస్తుందని మీరు అడగొచ్చు. కథ చదవక్కర్లేదు. ఎవరి సమీక్షలోనైనా మొదటి పేరా మాత్రం చదవండి. రాసినాయన "ఇంతకంటే చెప్పకూడదు", "చివరి పావుగంట" లాంటి మాటలు వాడితే మొదటి రకం, వెంటనే ఆపేసి ఒరిజినల్ వెతుక్కోండి. కథంతా ధైర్యంగా చెప్పేసి నటన గురించి, భావాల గురించి మాట్లాడుతుంటే మూడో రకం. రెండింటికీ మధ్యలో ఉంటే నిడివి చూడండి, తక్కువున్నది ముందు. ఇది ఎప్పుడూ తప్పదని చెప్పను గానీ, నాకు మాత్రం బాగానే పనిచేసింది.

ఎవరైనా మీకు ఇప్పటికే డిపార్టెడ్ ముగింపు చెప్పేసి ఉంటే కూడా వరుస మార్చకండి. ముగింపులు వేరని చెప్పాను కదా, మీకు తెలిసింది రీమేక్ సంగతి మాత్రమే. ఒరిజినల్ ఇంకా మీకు కొత్తే.

ఒక పక్క మాట. 2007లో డిపార్టెడ్‌కు ఉత్తమ చిత్రం, దర్శకత్వం, ఎడిటింగ్‌తో పాటు అనుసరణ స్క్రీన్‌ప్లేకు కూడా ఆస్కార్ వచ్చింది. ఆ స్క్రీన్‌ప్లే అవార్డు ప్రకటించినప్పుడు ఆ వేడుకలో దాని మూలాన్ని జపాన్ సినిమాగా చెప్పారు. హాంకాంగ్ సినిమాను ప్రేమించేవాళ్లకు అది చాలా బాధ కలిగించింది, నాకూ కలిగింది. మీరు ఒరిజినల్ గురించి అడిగారు కాబట్టి ఇంత పెద్దగా రాశాను.

ఇన్ఫర్నల్ అఫైర్స్‌కు 2003లో రెండు, మూడు భాగాలు వచ్చాయి. రెండోది కుర్రతనం నాటి కథ, షాన్ యూ, ఎడిసన్ చెన్ అందులో ముఖ్య పాత్రలు. కాలక్రమంలో ముందు జరిగింది కదా అని దాన్ని ముందు చూడకండి. మొదటి భాగంలో మనకు తెలియకుండా ఉండాల్సిన బంధాలు అందులో బయటపడతాయి. మొదటి భాగం, తర్వాత డిపార్టెడ్, ఆ కథ మీద ఇంకా ఆకలి ఉంటే అప్పుడు రెండో భాగం. మూడోది మొదటి భాగం చూసి చాలా రోజులైతే అర్థం కాదు, ముందూ వెనకా కాలాలు కలగలిపి నడుస్తుంది. దాన్ని చూడాలనుకుంటే మొదటి భాగాన్ని ఇంకోసారి వేసుకుని, మర్నాడే చూడండి.